ఒక్క కరెంటు బిల్లు, నాలుగు వాటాలు: ఏ లెక్కన పంచాలి?

విజయవాడలో ఒక వాణిజ్య భవనం ఉందనుకుందాం. కింద 6,000 చదరపు అడుగుల్లో డయాగ్నస్టిక్ సెంటర్, దాని పైన 4,000 చదరపు అడుగుల్లో ఆడిటింగ్ ఆఫీసు, ఆ పైన మరో 4,000 చదరపు అడుగుల్లో కోచింగ్ సెంటర్ నడుస్తున్నాయి. అన్నిటికంటే పైన 2,000 చదరపు అడుగులు ఖాళీగా ఉన్నాయి. భవనం మొత్తానికి యజమాని పేరిట అధిక వోల్టేజీలో కరెంటు ఇచ్చే ఒకటే హెచ్‌టీ కనెక్షన్, ఒకటే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నాయి. నెలకు ఒకటే బిల్లు వస్తుంది. ఈ నెల అది 2,37,000 రూపాయలు. దీన్ని ఎవరెవరు ఎంతెంత కట్టాలి?

చాలా భవనాల్లో దీనికి చెప్పే జవాబు ఒక్కటే: చదరపు అడుగుల లెక్కన పంచేయడం. ఖాళీ అంతస్తును పక్కన పెడితే అద్దెకున్న స్థలం 14,000 అడుగులు. ఆ లెక్కన డయాగ్నస్టిక్ సెంటర్‌కు 1,01,571, మిగిలిన ఇద్దరికీ తలా 67,714 రూపాయలు పడతాయి. చూడటానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆడిటింగ్ ఆఫీసులో ఉన్నవి కంప్యూటర్లు, లైట్లు, రెండు మూడు ఏసీలు. సాయంత్రం ఆరు దాటితే తాళం పడుతుంది. కింద డయాగ్నస్టిక్ సెంటర్‌లో రక్త నమూనాల ఫ్రిజ్‌లు రాత్రంతా నడుస్తాయి, స్కానింగ్ గదిలో ఏసీ ఆగదు. అడుగుల లెక్కన పంచితే ఆడిటింగ్ ఆఫీసు తను వాడని కరెంటుకు ప్రతి నెలా వేలల్లో డబ్బు కడుతుంది. ఎన్ని వేలో కాసేపట్లో తేలుతుంది.

పొరపాటు చదరపు అడుగుల్లో లేదు. బిల్లు మొత్తాన్ని ఒకే ముద్దగా చూడటంలో ఉంది. కరెంటు బిల్లులో కనీసం మూడు రకాల ఖర్చులు ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్కో కారణంతో పుడుతుంది. ఏ ఖర్చు ఏ కారణంతో పుట్టిందో, ఆ కారణాన్ని కొలిచే అంకెనే దాని పంపకానికి ప్రాతిపదికగా తీసుకోవాలి.

బిల్లును ముందు విడదీయాలి

లెక్క తేలిగ్గా నడవడానికి గుండ్రటి అంకెలు తీసుకుందాం. ఈ నెల మెయిన్ మీటరు చూపించినవి 20,000 యూనిట్లు. ఎనర్జీ చార్జీ, యూనిట్‌పై పడే విద్యుత్ సుంకం కలిపి యూనిట్‌కు 9 రూపాయలు. అది 1,80,000. రెండోది డిమాండ్ చార్జీ. నెలలో ఎంత కరెంటు వాడారన్నదానితో దీనికి సంబంధం లేదు. ఒకే సమయంలో అత్యధికంగా ఎంత లోడు లాగారన్నదే దీనికి లెక్క. మీటరు పావుగంట, అరగంట లాంటి చిన్న వ్యవధుల సగటు తీసి, అందులో నెల మొత్తానికి పెద్దదాన్ని నమోదు చేస్తుంది. దాన్నే రికార్డెడ్ మాగ్జిమం డిమాండ్ అంటారు. ఈ నెల అది 110 కేవీఏ. కేవీఏకు 500 రూపాయల చొప్పున 55,000. మూడోది కస్టమర్ చార్జీ, 2,000. మూడూ కలిపితే 2,37,000.

డిమాండ్ చార్జీలో ఒక మెలిక ఉంది. యజమాని విద్యుత్ పంపిణీ సంస్థ అయిన డిస్కంతో ఒప్పందం చేసుకున్న లోడు 120 కేవీఏ అయితే, వాడకం ఎంత తగ్గినా అందులో 80 శాతానికి, అంటే 96 కేవీఏకు డబ్బు కట్టాల్సిందే. నమోదైన డిమాండ్, ఒప్పంద డిమాండ్‌లో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేస్తారు. మీట నొక్కి ఆపినా ఆగని ఖర్చు ఇది. దీన్ని యూనిట్లతో కలిపి పంచితే ఏమవుతుందో తర్వాత చూద్దాం.

యూనిట్లు: సబ్‌మీటర్లకు అందని ఆ 2,000

అంతస్తుకొక సబ్‌మీటరు, లిఫ్టు, నీళ్ల మోటారు, మెట్ల లైట్లు, పార్కింగ్ లైట్లకు కలిపి మరో సబ్‌మీటరు ఉన్నాయి. ఈ నెల డయాగ్నస్టిక్ సెంటర్ 9,000, ఆడిటింగ్ ఆఫీసు 2,400, కోచింగ్ సెంటర్ 3,600, ఉమ్మడి వాడకం 3,000. మొత్తం 18,000. మెయిన్ మీటరు మాత్రం 20,000 అంటోంది. మిగిలిన 2,000 ఎక్కడికి పోయాయి?

సగటు భవనంలో గొడవ మొదలయ్యేది ఇక్కడే. అద్దెదారు యజమానిని అనుమానిస్తాడు, యజమాని ఎలక్ట్రీషియన్‌ను అనుమానిస్తాడు. నిజానికి కొంత తేడా ఉండి తీరుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వేడి రూపంలో కొంత తింటుంది, పొడవైన కేబుళ్లు కొంత తింటాయి. ఇవి కాక, హెచ్‌టీ కనెక్షన్లకు యూనిట్లను కేవీఏహెచ్‌లో లెక్కిస్తారు. భవనంలోని మామూలు సబ్‌మీటర్లు చూపేది కేడబ్ల్యూహెచ్. లాగిన మొత్తంలో నిజంగా పనికి వాడుకున్న భాగం ఎంతో చెప్పే పవర్ ఫ్యాక్టర్ 0.95 ఉంటే మెయిన్ మీటరులోని 20,000, కేడబ్ల్యూహెచ్‌లో చెబితే 19,000 మాత్రమే. అంటే ఈ 2,000 తేడాలో సగం అసలు నష్టమే కాదు, రెండు మీటర్లు వేర్వేరు కొలమానాల్లో మాట్లాడటం వల్ల వచ్చినది. పవర్ ఫ్యాక్టర్‌ను నిలబెట్టే కెపాసిటర్లు పాడైపోయి అది పడిపోతే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. అది పంపకంతో తీరే సమస్య కాదు, కెపాసిటర్ మారిస్తే తీరుతుంది.

ఈ తేడాను పంచడానికి సరైన ప్రాతిపదిక సబ్‌మీటరు రీడింగే. ఎవరు ఎక్కువ కరెంటు లాగితే వారి కోసమే కేబులులో, ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎక్కువ నష్టం జరుగుతుంది. లెక్క కూడా సులువే. 1,80,000 రూపాయలను సబ్‌మీటర్ల మొత్తం 18,000తో భాగిస్తే యూనిట్‌కు 10 రూపాయలు వస్తుంది. డయాగ్నస్టిక్ సెంటర్‌కు 90,000, ఆడిటింగ్ ఆఫీసుకు 24,000, కోచింగ్ సెంటర్‌కు 36,000, ఉమ్మడి వాడకానికి 30,000.

ఇక్కడ ఒక మాట. అద్దెదారు చేతికిచ్చే కాగితం మీద ఉత్త "యూనిట్‌కు 10 రూపాయలు" అని రాస్తే, డిస్కం 9 తీసుకుంటుంటే మీరు 10 తీసుకుంటారేమని అడుగుతాడు. అడగడం అతని హక్కు. అందుకే మెయిన్ మీటరు రీడింగు, సబ్‌మీటర్ల మొత్తం, రెండింటి మధ్య తేడా, ఈ మూడు అంకెలనూ ప్రతి నెలా అదే కాగితం మీద చూపించాలి. డిస్కం బిల్లు నకలు జత చేయాలి.

ఉమ్మడి వాడకపు 30,000కు చదరపు అడుగులు సరిపోతాయి. లిఫ్టు ఎవరు ఎన్నిసార్లు ఎక్కారో కొలవలేం, కొలిచినా ఆ శ్రమకు తగ్గ ఫలం ఉండదు. అయితే భాగించాల్సింది 14,000 అడుగులతో కాదు, 16,000తో. ఖాళీ అంతస్తు వాటా యజమానిది. లిఫ్టు ఆ అంతస్తు వరకూ వెళుతుంది, ట్యాంకు నీళ్లు ఆ అంతస్తుకూ అందుతాయి. అద్దెకు పోకపోవడం వల్ల వచ్చే నష్టాన్ని, అద్దె సక్రమంగా కడుతున్నవారి మీద వేయడానికి కారణం ఏదీ లేదు. 16,000తో భాగిస్తే డయాగ్నస్టిక్ సెంటర్‌కు 11,250, మిగిలిన ఇద్దరికీ తలా 7,500, యజమానికి 3,750 వస్తాయి.

చదరపు అడుగుల విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఒక ఒప్పందంలో కార్పెట్ ఏరియా, ఇంకో ఒప్పందంలో గోడలు, మెట్లు, వరండా వాటా కలుపుకున్న సూపర్ బిల్టప్ ఏరియా రాసి ఉంటాయి. ఒప్పందాలు వేర్వేరు సంవత్సరాల్లో రాసుకున్న భవనాల్లో ఇది మామూలే. ఈ రెండు రకాల అంకెలను ఒకే వరుసలో పెట్టి కూడితే, సూపర్ బిల్టప్ రాసుకున్నవారు తమ వాటా కంటే ఎక్కువ మోస్తారు. అద్దె ఒప్పందంలో ఏ అంకె ఉన్నా, పంపకం కోసం మాత్రం అందరి స్థలాన్నీ ఒకే పద్ధతిలో ఒకసారి కొలిపించి, ఆ అంకెలను అందరి సంతకాలతో స్థిరపరచుకోవాలి.

డిమాండ్ చార్జీ: వాడకానికా, హామీకా?

అసలు ఆలోచించాల్సింది ఈ 55,000 గురించే. దీనికి మూడు ప్రాతిపదికలు వాడుకలో ఉన్నాయి. వాటి ఫలితాలు ఒకదానికొకటి చాలా దూరంగా ఉంటాయి.

మొదటిది, నెలలో భవనం లోడు శిఖరానికి చేరిన ఆ క్షణంలో ఎవరు ఎంత లాగారో చూడటం. ఈ నెల అది ఒక పగలు పదకొండు గంటల వేళ జరిగింది. అప్పుడు డయాగ్నస్టిక్ సెంటర్ 60 కేవీఏ, ఆడిటింగ్ ఆఫీసు 20, కోచింగ్ సెంటర్ 20, ఉమ్మడి 10. ఆ లెక్కన కోచింగ్ సెంటర్‌కు 10,000 రూపాయలు. రెండోది, ఎవరి శిఖరం వారిది తీసుకోవడం. కోచింగ్ సెంటర్‌లో సాయంత్రం తరగతులు మొదలయ్యాక గదులన్నిటా ఏసీలు నడిచి లోడు 45 కేవీఏకు చేరుతుంది. డయాగ్నస్టిక్ సెంటర్ సొంత శిఖరం 65, ఆడిటింగ్ ఆఫీసుది 25, ఉమ్మడిది 15. ఇవన్నీ కలిపితే 150. ఈ లెక్కన అదే కోచింగ్ సెంటర్‌కు 16,500 పడుతుంది. ఒకే నెల, ఒకే మీటర్లు, తేడా 6,500.

సిద్ధాంతం ప్రకారం మొదటిదే నిజానికి దగ్గర. బిల్లు పెరిగింది పదకొండు గంటలకు కాబట్టి, ఆ సమయంలో లాగినవారే కారకులు. సాయంత్రం కోచింగ్ సెంటర్ 45 లాగినా, అప్పటికి ఆఫీసు మూసి ఉంటుంది, డయాగ్నస్టిక్ సెంటర్‌లో రద్దీ తగ్గి ఉంటుంది. భవనం మొత్తం లోడు పెరగదు. అయితే ఈ పద్ధతి అదృష్టం మీద నడుస్తుంది. వచ్చే నెల శిఖరం ఒక శనివారం సాయంత్రం ఏడు గంటలకు వస్తే కోచింగ్ సెంటర్ వాటా ఒక్కసారిగా రెట్టింపు దాటుతుంది. తను చేసిందేమీ లేకుండా నెలనెలా బిల్లు పైకీ కిందికీ ఊగితే ఏ అద్దెదారూ ఒప్పుకోడు. పైగా ప్రతి సబ్‌మీటరూ లోడును గడియారంతో సహా నమోదు చేసేదై ఉండాలి. మామూలు సబ్‌మీటర్లలో ఆ సౌకర్యం ఉండదు.

అందుకే మూడో ప్రాతిపదిక మేలు: ఒప్పందం రాసుకునేటప్పుడే ఎవరికి ఎంత లోడు కేటాయిస్తున్నారో తేల్చుకోవడం. 120 కేవీఏలో డయాగ్నస్టిక్ సెంటర్‌కు 60, మిగిలిన ఇద్దరికీ 24 చొప్పున, ఉమ్మడి అవసరాలకు 12. డిమాండ్ చార్జీ ఎంత వచ్చినా ఇదే నిష్పత్తిలో పంచుతారు. ఈ పద్ధతిని సమర్థించే కారణం బిల్లులోనే ఉంది. 80 శాతం కనీస చార్జీ అంటే డిస్కం ఆ లోడును భవనం కోసం సిద్ధంగా ఉంచినందుకు తీసుకునే డబ్బు. ఎవరి కోసం ఎంత సిద్ధంగా ఉంచమన్నారో వారు అంత భరించడం సబబు. కేటాయింపు దాటి లాగి, భవనం లోడు 120 దాటేలా చేసి, జరిమానా తెచ్చిపెట్టినవారు ఆ జరిమానాను పూర్తిగా మోయాలన్న షరతు దీనికి తోడుండాలి. ఆ షరతు లేకపోతే తక్కువ కేటాయింపు అడిగి ఎక్కువ లాగడం లాభసాటి అవుతుంది.

ఈ లెక్కన 55,000లో డయాగ్నస్టిక్ సెంటర్‌కు 27,500, మిగిలిన ఇద్దరికీ 11,000 చొప్పున, ఉమ్మడికి 5,500. ఆ 5,500ను మళ్లీ అడుగుల లెక్కన పంచాలి. కస్టమర్ చార్జీ 2,000ను నాలుగు సమాన భాగాలు చేస్తే చాలు, దాని గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. యూనిట్లకు సబ్‌మీటరు, ఉమ్మడి ఖర్చుకు అడుగులు, డిమాండ్‌కు కేటాయించిన లోడు, ఈ మూడు ప్రాతిపదికలతో అంతా కలిపితే ఇలా తేలుతుంది:

| ఎవరు | మూడు ప్రాతిపదికలతో (రూ.) | అడుగుల లెక్కన మాత్రమే (రూ.) |
|---|---|---|
| డయాగ్నస్టిక్ సెంటర్ | 1,31,312.50 | 1,01,571 |
| ఆడిటింగ్ ఆఫీసు | 44,375.00 | 67,714 |
| కోచింగ్ సెంటర్ | 56,375.00 | 67,714 |
| యజమాని, ఖాళీ అంతస్తు | 4,937.50 | 0 |

అడుగుల లెక్కలో ఆడిటింగ్ ఆఫీసు నెలకు 23,339 రూపాయలు అదనంగా కడుతోందన్నమాట. ఏడాదికి అది రెండున్నర లక్షలు దాటుతుంది.

యూనిట్ల లెక్కనే అంతా పంచితే?

అడుగుల లెక్క తప్పని తెలిశాక చాలామంది రెండో కొసకు వెళతారు. బిల్లు మొత్తాన్ని అద్దెదారుల యూనిట్లతో భాగించి, అదే రేటుగా తీసుకుంటారు. 2,37,000ను 15,000తో భాగిస్తే యూనిట్‌కు 15 రూపాయల 80 పైసలు. డయాగ్నస్టిక్ సెంటర్‌కు 1,42,200. పై పట్టికలోని అంకెకు మరీ దూరంగా లేదు కదా అనిపిస్తుంది.

ఇప్పుడు మే నెల వచ్చిందనుకుందాం. కోచింగ్ సెంటర్ నెలంతా సెలవు, సబ్‌మీటరు కదల్లేదు. మిగిలినవారు ఎప్పటిలాగే వాడారు. సబ్‌మీటర్ల మొత్తం 14,400, మెయిన్ మీటరు 16,000. నమోదైన డిమాండ్ 90కి పడింది, కానీ బిల్లు వేసేది 96కే. ఎనర్జీ 1,44,000, డిమాండ్ 48,000, కస్టమర్ చార్జీ 2,000. మొత్తం 1,94,000. దీన్ని అద్దెదారుల 11,400 యూనిట్లతో భాగిస్తే రేటు 17 రూపాయలు దాటుతుంది. డయాగ్నస్టిక్ సెంటర్ బిల్లు 1,53,158. భవనం బిల్లు 43,000 తగ్గింది, డయాగ్నస్టిక్ సెంటర్ ఒక్క యూనిట్ కూడా ఎక్కువ వాడలేదు, అయినా దాని వాటా దాదాపు 11,000 పెరిగింది.

కారణం ఊహించడం కష్టం కాదు. ఆగని ఖర్చులనూ ఉమ్మడి వాడకాన్నీ ఆ నెల వాడినవారి మీదే వేశారు. కోచింగ్ సెంటర్ తన పేరిట 24 కేవీఏ సిద్ధంగా ఉంచుకుని కూడా పైసా కట్టలేదు. మూడు ప్రాతిపదికల పద్ధతిలో అయితే అదే నెల డయాగ్నస్టిక్ సెంటర్ వాటా 1,27,550కి తగ్గుతుంది, కోచింగ్ సెంటర్ తన డిమాండ్ వాటా 9,600, ఉమ్మడి ఖర్చుల్లో తన భాగం కడుతుంది. ఒకరు కరెంటు పొదుపు చేస్తే పక్కవారి బిల్లు పెరిగే పద్ధతి ఏదైనా సరే, అందులో స్థిరమైన ఖర్చు ఎక్కడో యూనిట్ల లెక్కలోకి జారిందని అర్థం. పంపకం సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఇంతకంటే సులువైన పరీక్ష లేదు.

తేడా అంకె చెప్పే కబుర్లు

మెయిన్ మీటరుకూ సబ్‌మీటర్లకూ మధ్య తేడాను నెలనెలా శాతంలో రాసుకుంటూ పోతే, అది భవనానికి నాడి పట్టి చూసినట్టు పనిచేస్తుంది. మన భవనంలో అది మామూలుగా 10 శాతం. ఒక నెల అకస్మాత్తుగా 40 శాతానికి వెళ్లిందనుకుందాం. మెయిన్ మీటరు 20,000 చూపుతోంది, సబ్‌మీటర్లు 12,000 మాత్రమే. విడివిడిగా చూస్తే డయాగ్నస్టిక్ సెంటర్ 9,000 బదులు 3,000 చూపుతోంది.

సరిగ్గా మూడో వంతుకు పడిపోయిందంటే మొదట అనుమానించాల్సింది సీటీలను. పెద్ద లోడుకు మీటరును నేరుగా కలపరు. ఒక్కో ఫేజు కేబులు చుట్టూ సీటీ అనే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ రింగును తొడిగి, దాని నుంచి వచ్చే చిన్న కరెంటును మీటరుకు ఇస్తారు. మరమ్మతు చేసినప్పుడు ఒక ఫేజు రింగును తిరగేసి తొడిగితే ఆ ఫేజు లెక్క వ్యతిరేక దిశలో పోతుంది. లోడు మూడు ఫేజుల్లో సమానంగా ఉంటే, ఒకటి కలిసి, ఒకటి కలిసి, ఒకటి తీసివేతై చివరికి మూడో వంతే మిగులుతుంది. ఒక రింగు తీగ ఊడిపోతే మూడింట రెండు వంతులు చూపుతుంది. 100/5 సీటీ ఉన్నచోట మీటరు రీడింగును 20తో గుణించాలి. ఆ గుణకాన్ని మరిచినా, సీటీ మార్చాక పాత గుణకమే వాడినా ఇలాంటి విడ్డూరపు అంకెలే వస్తాయి.

దీన్ని గమనించకుండా ఆ నెల లెక్క కట్టేస్తే ఏమవుతుందో చూడండి. 1,80,000ను 12,000తో భాగిస్తే యూనిట్ 15 రూపాయలు. ఆడిటింగ్ ఆఫీసు ఎనర్జీ వాటా 24,000 నుంచి 36,000కు, కోచింగ్ సెంటర్‌ది 36,000 నుంచి 54,000కు, ఉమ్మడిది 30,000 నుంచి 45,000కు ఎగబాకుతాయి. డయాగ్నస్టిక్ సెంటర్‌ది 90,000 నుంచి 45,000కు దిగుతుంది. మొత్తం మాత్రం అణా పైసలతో 1,80,000కు సరిపోతుంది. కూడిక సరిపోయిందంటే పంపకం సరిగ్గా ఉందని కాదు. తేడాను వాడకం లెక్కన పంచే పద్ధతికున్న బలహీనత ఇది: ఒక మీటరు చేసిన తప్పు, చప్పుడు లేకుండా మిగిలిన అందరి మీదా పడుతుంది. తేడాకు ఒక హద్దు పెట్టుకుని, అది దాటితే మీటర్లు పరీక్షించేదాకా పాత నెలల సగటుతో తాత్కాలిక బిల్లు ఇవ్వాలన్న షరతు అందుకే అవసరం.

తేడా బాగా తగ్గినా సంతోషించకూడదు. కరెంటు పోయినప్పుడు జనరేటర్ మీద నడిచిన యూనిట్లను కూడా సబ్‌మీటర్లు లెక్కిస్తాయి, మెయిన్ మీటరు లెక్కించదు. కోతలు ఎక్కువున్న నెలలో సబ్‌మీటర్ల మొత్తం మెయిన్ మీటరునే దాటిపోవచ్చు. డాబా మీద సోలార్ పలకలు ఉన్నా ఇదే పరిస్థితి. జనరేటర్‌కు విడిగా మీటరు పెట్టి, ఆ యూనిట్లను తీసేశాకే పోల్చాలి. డీజిల్ ఖర్చు విడి ఖాతాగా పంచాలి. ఇక డిస్కం వారు 27న రీడింగు తీసి, భవనం మేనేజరు ఒకటో తేదీన తీస్తే, తేడా ఒక నెల పెరిగి ఒక నెల తగ్గుతూ ఉంటుంది. రెండూ ఒకే రోజున తీయడం తప్ప దీనికి మందు లేదు.

పాత బాకీలు, కొత్త అద్దెదారులు

ఆంధ్రప్రదేశ్‌లో చాలామందికి అనుభవంలోకి వచ్చిన చిక్కు ఒకటి ఉంది: ట్రూఅప్ చార్జీలు. డిస్కంల అసలు ఖర్చు, అనుమతించిన అంచనాను దాటినప్పుడు ఆ తేడాను నియంత్రణ మండలి అనుమతితో తర్వాత వసూలు చేస్తారు. 2014 నుంచి 2019 వరకు ఐదేళ్లకు సంబంధించిన ట్రూఅప్‌ను 2022 ఆగస్టు నుంచి వాయిదాల్లో వసూలు చేశారు. 2021లో అద్దెకు దిగినవారు, తాము లేని కాలపు వాడకానికి బిల్లులో డబ్బు కట్టారు.

ఉమ్మడి బిల్లులో ఈ వరుస కనిపిస్తే దాన్ని ఈ నెల యూనిట్ల లెక్కన పంచడం తప్పు. ఏ కాలపు వాడకం మీద వేశారో ఆ కాలపు సబ్‌మీటరు రీడింగులే దానికి ప్రాతిపదిక. అప్పట్లో ఉండి ఇప్పుడు లేనివారి వాటా యజమానిది. దాన్ని కొత్తవారి మీదకు నెట్టాలంటే ఆ మాట ఒప్పందంలో ముందే రాసి ఉండాలి. దీనికోసం పాత రీడింగుల పుస్తకాన్ని ఏళ్ల తరబడి దాచాలి. అది లేకపోతే ఎంత మంచి సూత్రమైనా పనికిరాదు. నెల మధ్యలో వచ్చినవారికి కూడా ఇదే నియమం: యూనిట్లకు వచ్చిన రోజు రీడింగు, అడుగుల వాటాకు ఉన్న రోజుల సంఖ్య. నెలలో 10 రోజులే ఉన్న 4,000 అడుగుల అద్దెదారుకు ఆ నెల లెక్కలో మూడో వంతు అడుగులే.

జీఎస్టీ ఎక్కడ తగులుతుంది

వాణిజ్య అద్దె మీద జీఎస్టీ 18 శాతం. విద్యుత్తుకు మినహాయింపు ఉంది. మరి యజమాని అద్దెతో పాటు వసూలు చేసే కరెంటు డబ్బుకో? ఈ ప్రశ్నకు కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2023 అక్టోబర్ 31న ఇచ్చిన 206వ సర్క్యులర్‌లో జవాబు ఉంది. అద్దెతో, నిర్వహణతో కలగలిపి కరెంటు ఇస్తే, దాన్ని విడిగా బిల్లు వేసినా సరే, అద్దెకు పడే పన్నే దానికీ పడుతుంది. యజమాని ప్యూర్ ఏజెంట్‌గా, అంటే అద్దెదారు తరఫున డబ్బు చేరవేసే మధ్యవర్తిగా మాత్రమే, డిస్కం తన దగ్గర తీసుకున్నంతే అసలు లెక్కన వసూలు చేస్తే ఆ మొత్తం పన్ను విలువలోకి రాదు.

పంపకం పద్ధతికి దీనితో నేరుగా సంబంధం ఉంది. వాటాల మొత్తం డిస్కం బిల్లును ఒక్క రూపాయి కూడా దాటకూడదు. "యూనిట్‌కు 12 రూపాయలు" అని ఒక స్థిరమైన రేటు పెట్టి, మిగిలింది యజమాని ఉంచుకునే ఏర్పాటు ఈ రక్షణను పోగొడుతుంది. ప్రతి నెలా అసలు బిల్లు నుంచి మొదలుపెట్టి లెక్క కట్టి, ఆ లెక్కనే కాగితంగా ఇచ్చే యజమాని దగ్గర ఆధారం ఉంటుంది.

మొత్తం దాటకూడదన్నప్పుడు పైసల సవరింపు కూడా ముఖ్యమే. పైన అడుగుల లెక్కలోని మూడు వాటాలను కూడి చూడండి: 2,36,999 వస్తుంది, ఒక రూపాయి మాయం. స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో వాటాను విడిగా సవరించినప్పుడు ఇలాగే జరుగుతుంది. మొత్తం `B1`లో, అద్దెదారుల అంకెలు `C2` నుంచి `C4` వరకు, యజమాని అంకె `C5`లో, అతని వాటా చివర `D5`లో ఉంటే:

```
D2: =ROUND($B$1*C2/SUM($C$2:$C$5),0)
D5: =$B$1-SUM(D2:D4)
```

మొదటిదాన్ని `D4` వరకు లాగాలి. మిగులు రూపాయి ఎటైనా సరే, యజమాని వరుసలో పడుతుంది. అద్దెదారుల్లో ఎవరి మీదా వేయనక్కర్లేదు.

ఒకే సంస్థలో విభాగాల మధ్య

సంస్థలోని విభాగాల మధ్య అద్దెనూ కరెంటునూ పంచేటప్పుడు డబ్బు చేతులు మారదు. ఏ విభాగానికి నిజంగా ఎంత ఖర్చవుతోందో తెలుసుకుని నిర్ణయాలు తీసుకోవడానికే ఆ లెక్క. ప్రాతిపదిక తప్పితే నిర్ణయమూ తప్పుతుంది. సర్వర్ గది 150 చదరపు అడుగులే ఉంటుంది. అందులో యంత్రాలూ, వాటిని చల్లబరిచే ఏసీలూ రాత్రింబవళ్లు నడుస్తాయి. కరెంటును అడుగుల లెక్కన పంచితే సర్వర్లు దాదాపు ఉచితంగా నడుస్తున్నట్టు కనబడి, వాటిని బయటి డేటా సెంటర్‌కు తరలించాలా వద్దా అన్న లెక్క మొదటి అడుగులోనే తారుమారవుతుంది. గోదాము సంగతి దీనికి తలకిందులు: స్థలం విస్తారం, కరెంటు నాలుగు లైట్లు.

అద్దెకు అడుగులు తగిన ప్రాతిపదికే, అన్ని అడుగులకూ ఒకే విలువ ఉన్నంతవరకు. రోడ్డు వైపు షోరూముకూ, వెనక మూడో అంతస్తు గదికీ ఒకే రేటు వేస్తే అమ్మకాల విభాగానికి అద్దెలో రాయితీ ఇచ్చినట్టే. ఆ వీధిలో కింది అంతస్తుకు, పై అంతస్తుకు బయట పలికే అద్దెల నిష్పత్తి తెలుసుకుని, దాన్నే తూకంగా వాడాలి. వీధిలో కింద అడుగుకు 90, పైన 45 పలుకుతుంటే కింది అడుగును రెండుగా లెక్కిస్తే సరి.

ఒక విభాగం రెండు గదులు ఖాళీ చేసి తిరిగి అప్పగించిందనుకోండి. సంస్థ కట్టే అద్దె తగ్గదు. ఆ గదుల అద్దెను మిగిలిన విభాగాల మీద వేస్తే, స్థలం పొదుపు చేయని విభాగాధిపతులకు ఆ నెల ఖర్చు పెరిగి కనబడుతుంది, వారికి కారణం కూడా తెలియదు. ఆ గదులకు "ఖాళీ స్థలం" అని సొంత ఖాతా తెరిచి, యాజమాన్యం పేరిట ఉంచాలి. విజయవాడ భవనంలోని పై అంతస్తులాగే. ఆ ఖాతాలో అంకె నెలనెలా కళ్ల ముందు ఉంటే, ఆ గదులను ఎవరికైనా ఇవ్వాలా, ఒప్పందం గడువులో వదిలేయాలా అన్నది తేల్చాల్సినవారే తేలుస్తారు.